చేతులూపుకుంటూ రమ్మని రాసిన ఉత్తరం

మా ఇంటి కాగితాలన్నీ దాచుకున్న ఫైలులో, అప్పు వాయిదాల రసీదులకూ ఇంటి ప్లాను నకలుకూ మధ్య ఒక కాగితం ఉంది. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి గానీ, మిగిలినదంతా ఇప్పటికీ చక్కగా చదవవచ్చు. 1999 జనవరిలో హైదరాబాదు శివారు చందానగర్‌లోని మా ఇంటికి స్నేహితులను పిలుస్తూ నేను రాసిన ఉత్తరం అది. ఒకే పేజీ, అదీ ఒకవైపే. ఆ ఒక్క పేజీ రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఎక్కడ ఖర్చయ్యాయో ఈమధ్య ఆ కాగితం చేతికి దొరికినప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చింది.

గృహప్రవేశానికి అచ్చు కార్డు ఉండనే ఉంది. దానిని మామగారు దగ్గరుండి వేయించారు. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, వాటి కింద కలశం బొమ్మ, మాఘమాసం, మృగశిర నక్షత్రం, కుటుంబ పెద్దల పేర్లు, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. అత్తగారు ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపు రాసి ఆరబెట్టారు. బంధువులవి బంధువులకు వెళ్లాయి, మా ఆఫీసు వాళ్లకూ నా హాస్టల్ స్నేహితులకూ ఇవ్వవలసినవి నా చేతికి వచ్చాయి. ఊళ్లో లేనివారికి కవరు అంటించకుండా బుక్ పోస్టులో పంపుదామని మామగారు అన్నారు. బుక్ పోస్టులో పంపే కవరులో ఉత్తరం లాంటిదేదీ పెట్టకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. నాలుగు మాటలు సొంతంగా రాయాలంటే వేరే ఉత్తరమే రాయాలి. నాకు రాయవలసిన మాటలు నాలుగు కాదు, చాలానే ఉన్నాయి.

మొదటిది ముహూర్తం సంగతి. కార్డులో "బుధవారం రాత్రి తె. 4.12 గంటలకు" అని ఉంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది. గోడమీది క్యాలెండరు తేదీ మాత్రం అర్ధరాత్రి మారిపోతుంది. అందువల్ల పంచాంగం లెక్కలో బుధవారం రాత్రి 4.12 అంటే, గడియారం చూసుకునేవాడికి అది గురువారం తెల్లవారుజాము. "తెల్లవారితే గురువారం" అని కొందరు పక్కనే వేయిస్తారు. మా కార్డులో ఆ రెండు మాటలకు చోటు చాలలేదు. తేదీ దగ్గర 27 అని ఉంది, ఆవు ఇంట్లోకి అడుగుపెట్టేది 28వ తేదీన.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకోవచ్చు, నేను అనుకోలేను. అంతకు నాలుగేళ్ల ముందు, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు తన ఇంటి గృహప్రవేశానికి ఇలాంటి కార్డే పంపింది. నేనూ మా ఆయనా రాత్రి బస్సు ఎక్కి, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ కొత్త ఇంటి ముందు దిగాము. దీపం లేదు, తోరణం లేదు, మనిషి అలికిడి లేదు. వరండాలో సున్నం డబ్బాలూ, గోడకు ఆనించిన నిచ్చెనా ఉన్నాయి. ఒక రోజు ముందు వచ్చామని తెలియడానికి మాకు చాలాసేపు పట్టింది. కాపలా ఉన్న ముసలాయన భార్య సెంట్రింగ్ చెక్క ముక్కలు ఏరి మంట వేసి, మమ్మల్ని దాని పక్కన కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసుల్లో టీ ఇచ్చింది. గ్లాసు వేడికి చేతులు కాలుతున్నా, ఆ చలిలో దానిని కింద పెట్టబుద్ధి కాలేదు. తెల్లవారాక స్నేహితురాలి అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాము. ఆమె నన్ను చూసి సంతోషించింది, కార్డు తీసి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఒక్కరోజే సెలవు. పాలు పొంగడం చూడకుండానే తిరిగి వచ్చేశాను, మర్నాటి దాకా మా ఆయన మాత్రం ఉన్నారు.

అందుకే నా ఉత్తరంలో మొదటి వాక్యం ముహూర్తం గురించే రాయాలనుకున్నాను. అయితే రాస్తున్నకొద్దీ ఇంకొక సందేహం వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి చందానగర్ చేరడానికి నా స్నేహితులకు దారి ఏది? అప్పట్లో వాళ్లలో ఇద్దరికో ముగ్గురికో స్కూటర్లు ఉండేవి, మిగిలినవారందరికీ సిటీ బస్సే గతి, ఆ వేళకు ఆ బస్సు ఉండదు. పైగా 28వ తేదీ పనిరోజు. పిలిచినందుకు రాలేక బాధపడే పిలుపు ఎందుకని, ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ అత్తగారితో అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆదివారం మాఘ పౌర్ణమి కదమ్మా, సత్యనారాయణ వ్రతం ఆరోజు పెట్టుకుందాం. మీ వాళ్లందరినీ దానికి పిలుచుకో" అన్నారు. నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. చుట్టాలకు గురువారం, స్నేహితులకు 31వ తేదీ ఆదివారం.

ఆదివారమని నిర్ణయమయ్యాక ఎన్ని గంటలకు రమ్మనాలన్నది తేలలేదు. "ఉదయం నుంచి ఎప్పుడైనా రండి" అని మొదట రాశాను. అది చూడటానికి ఆప్యాయంగానే ఉంటుంది, కానీ పిలిపించుకున్నవారికి దానితో పని జరగదు. ఎప్పుడైనా రమ్మంటే, మరీ ముందు వెళ్తే ఇబ్బంది పెడతామేమోనని కొందరు ఆగిపోతారు, భోజనాల వేళకే వెళ్తే బాగుండదని మరికొందరు వెనకాడతారు. చివరికి అందరూ ఒంటిగంటన్నరకు ఒక్కసారే వస్తారు, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడటం కుదరదు. అందుకని ఆరోజు ఏ వేళకు ఏం జరుగుతుందో రాశాను. వ్రతం పది గంటలకు, కథ పూర్తయ్యేసరికి పన్నెండు దాటుతుంది, ఒంటిగంటకు భోజనాలు. దీనివల్ల కథ వినాలనుకునేవారు పదింటికి వస్తారు, కబుర్లకు వచ్చేవారు పన్నెండింటికి వస్తారు, ఎవరికీ ఆలస్యంగా వచ్చామన్న భావం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దారి రాయడానికే. ఇప్పటి చందానగర్ చూసినవారికి అప్పటిది ఊహించడం కష్టం. ముంబయి హైవే మీద బస్సు దిగి లోపలికి నడిస్తే, ప్లాట్లుగా గీసిన నేలలో అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు, మధ్యలో తుమ్మ చెట్లూ పునాది రాళ్లూ ఉండేవి. వీధులకు పేర్లు లేవు. ప్లాటు నంబర్లు మాకూ సర్వేయరుకూ తప్ప ఇంకెవరికీ తెలియవు. చిరునామా పట్టుకుని అడిగితే చెప్పగల మనిషి కూడా మధ్యాహ్నం పూట దొరకడు.

నేను మొదట బొమ్మ గీశాను. పైన ఉత్తరం, కింద దక్షిణం, హైవే అడ్డగీత, మా వీధి నిలువుగీత. మా ఆయన దానిని చేతిలోకి తీసుకుని, ముందు నిలువుగా పట్టుకుని, తరువాత అడ్డంగా తిప్పి, "బస్సు దిగినవాడికి ఉత్తరం ఎటో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. నిజమే. బొమ్మ గీసినవారికి ఊరంతా పైనుంచి కనిపిస్తుంది, నడిచేవారికి ఎదుట ఉన్నదే కనిపిస్తుంది. బొమ్మ పక్కన పెట్టి, బస్సు మెట్టు దిగిన మనిషి కాళ్లతో రాయడం మొదలుపెట్టాను. "దిగినచోటే బస్సు వెళ్లిన దిక్కుకు ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమచేతి వైపు ఎస్టీడీ బూతు కనిపిస్తుంది" అన్న వాక్యం అలా వచ్చింది. కుడి, ఎడమ అన్న మాటలకు అర్థం ఉండాలంటే, మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడో ముందే చెప్పాలి.

ఆ తరువాత గుర్తుల గొడవ వచ్చింది. "ఇసుక కుప్ప దాటాక కుడివైపు" అని రాశాను. రాసిన మూడో రోజుకే ఆ ఇసుక ఎవరిదో స్లాబుకు పోయింది. "ఆకుపచ్చ గేటు" అని రాశాను, ఆ ఇంటివారు సంక్రాంతికి గేటుకు నీలం రంగు వేశారు. కట్టుబడి జరుగుతున్న చోట కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేవన్నీ కదిలిపోయేవే. నెల తరువాత కూడా అక్కడే ఉండేది ఏదని చూస్తే, నీళ్ల ట్యాంకు, పెద్ద వేపచెట్టు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు మిగిలాయి. ఆ మూడింటినే ఉంచాను.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. మా బావగారి అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్లు. సంక్రాంతి సెలవులకు వచ్చాడు, కొత్త ఇంటిని ఇంకా చూడలేదు. వాడి చేతికి ఉత్తరం ఇచ్చి, బస్సు దిగిన చోటు నుంచి ఎవరినీ అడగకుండా ఇల్లు పట్టుకోమన్నాను. నేను వెనకాల దూరంగా నడిచాను. వాడు బూతు దగ్గర సరిగ్గానే తిరిగాడు, ట్యాంకు దాటాడు, ఆ తరువాత చేతిలోని ఉత్తరం చూసుకుని, నిలబడి, మా ఇంటికి ఒక వీధి ముందే కుడివైపు మళ్లిపోయాడు. పిలిచి అడిగితే, "పిన్నీ, రెండో సందు అని రాశావు కదా, ఇదే రెండోది" అన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. ఇద్దరి ప్లాట్ల మధ్య కాలిబాట ఒకటి ఉంది, రోజూ చూసే నా లెక్కలో అది సందు కాదు, మొదటిసారి చూసిన వాడి లెక్కలో అది సందే. ఖాళీ ప్లాట్లున్న చోట సందులు లెక్కపెట్టమనడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది. "రెండో సందు" కొట్టేసి, "ట్రాన్స్‌ఫార్మరు పక్కన మలుపు" అని రాశాను.

చివరికి ఒక వాక్యం చేర్చమని చెప్పింది కూడా వాడే. తప్పిపోయినప్పుడు తప్పిపోయామని వాడికి తెలియలేదట, తెలిసి ఉంటే వెనక్కి వచ్చేవాడినన్నాడు. అందుకని, "నడుస్తూ నడుస్తూ వేపచెట్టు దాటిపోయి ఖాళీ పొలాలు కనిపిస్తే, మా ఇల్లు మీ వెనకే ఉండిపోయిందని గుర్తు" అని రాశాను. ఆ ఉత్తరంలో అందరికీ ఎక్కువగా ఉపయోగపడిన వాక్యం అదేనని తరువాత ముగ్గురు చెప్పారు.

ఇక కానుకల మాట. ఇది రాయడానికి నా చెయ్యి ఆడలేదు. చుట్టాల విషయంలో ఈ చిక్కు లేదు. పుట్టింటివారు బట్టలు పెడతారు, మేనమామలు చదివింపులు చదివిస్తారు, నూట పదహార్లో ఐదువందల పదహార్లో పుస్తకంలో రాసుకుంటాం, రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూసుకుని మనమూ పెడతాం. అది తరాలుగా నడిచే లెక్క, దానిని నేను తప్పుపట్టను. స్నేహితుల మధ్య ఆ లెక్క వద్దని నా కోరిక. అందులోనూ ఆదివారం 31వ తేదీ. నెలాఖరు, జీతాలు ఇంకా చేతికి రాని రోజు. నా గదిలో ఉండిన ఆ స్నేహితురాలి ఇంట్లో అప్పుడు పరిస్థితి బాగాలేదు, భర్త పనిచేసే చిన్న కంపెనీ మూతపడి ఆరు నెలలైంది. ఏమీ తీసుకువెళ్లలేక రాకుండా మానేసే మనిషి ఆమె. వచ్చినా, ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని స్టీలు బిందె కొని తెచ్చే మనిషి.

"కానుకలు స్వీకరించబడవు" అని మొదట రాశాను. చదివి చూసుకుంటే, గోడమీద "ప్రకటనలు అతికించరాదు" అని రాసినట్టుంది. ఎవరో అధికారి ఎవరికో చెబుతున్నట్టు ఉంది తప్ప, నేను నా స్నేహితులకు చెబుతున్నట్టు లేదు. కొట్టేశాను. "మీ రాకే మాకు కానుక" అని రాశాను. మాట అందంగానే ఉంది, కానీ ఇది అన్ని కార్డుల్లోనూ ఉంటుంది, ఉన్నా అందరూ ఏదో ఒకటి తెస్తూనే ఉంటారు. మర్యాదకు అన్న మాటగా తీసుకుంటారు తప్ప నిజంగా వద్దంటున్నారని నమ్మరు. "పూలో పండో చాలు" అని మూడోసారి రాశాను. మా ఆయన చదివి, "ఇలా రాస్తే అందరూ తలా ఒక డజను అరటిపండ్లు తెస్తారు, ఒకరు తెచ్చారని చూసి ఇంకొకరు యాపిల్స్ తెస్తారు" అన్నారు. ఏమీ వద్దన్నాక ఒకటి మాత్రం పరవాలేదంటే, ఆ ఒకటి తప్పనిసరి అయిపోతుంది. అదీ తీసేశాను.

నమ్మేలా చెప్పాలంటే కారణం చెప్పాలి. ఆ కారణం వాళ్ల చేతిలో డబ్బు గురించి కాకూడదు, మా ఇంటి గురించి కావాలి. అది వెతుక్కోనక్కరలేకుండా మా ఇంట్లోనే ఉంది. డబ్బు చాలక మేము అల్మారాలు పెట్టించలేదు, గోడల్లో గూళ్లు ఖాళీగా ఉన్నాయి, వంటింట్లో రెండు గట్లు తప్ప సామాను పెట్టుకునే చోటు లేదు. అదే రాశాను. అది ఉత్తరం చివర రాస్తే, చదివిన మనిషి మనసులో మిగిలే మాట కానుకే అవుతుంది. అందుకని భోజనాల మాటకూ దారి మాటకూ మధ్యలో, నడుస్తున్న కబురులో ఒక వాక్యంలా కలిపేశాను.

ఉత్తరం పూర్తిగా ఇలా ఉంది:

"ప్రియమైన స్నేహితులకు,

మా ఇల్లు పూర్తయింది. మీకు అందిన కార్డులో ఉన్న ముహూర్తం జనవరి 28, గురువారం తెల్లవారుజామున 4.12 గంటలకు. ఆ వేళకు బస్సులుండవు, మీకు ఆఫీసులుంటాయి కాబట్టి దానికి రాలేదని మేమేమీ అనుకోము. మీరందరూ మా ఇంటికి రావలసిన రోజు జనవరి 31, ఆదివారం. పది గంటలకు సత్యనారాయణ వ్రతం మొదలవుతుంది, కథ పన్నెండు దాటాక పూర్తవుతుంది, ఒంటిగంటకు భోజనాలు. మీకు వీలైన వేళకు రండి, పిల్లలను తీసుకురండి, సాయంత్రం టీ తాగి వెళ్లేలా రండి.

మాకు ఇంకా అల్మారాలు లేవు. ఏ వస్తువైనా తెస్తే నేల మీదే పెట్టుకోవాలి. అందుకని మీరు ఏమీ తేవద్దు, చేతులూపుకుంటూ రండి. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

దారి: పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సు ఎక్కి చందానగర్‌లో దిగండి. దిగినచోటే బస్సు వెళ్లిన దిక్కుకు ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమచేతి వైపు ఎస్టీడీ బూతు కనిపిస్తుంది. దాని పక్క రోడ్డులో నేరుగా పది నిమిషాలు నడిస్తే నీళ్ల ట్యాంకు వస్తుంది. ట్యాంకు దాటాక ట్రాన్స్‌ఫార్మరు పక్కన మలుపులో కుడివైపు తిరగండి. పెద్ద వేపచెట్టుకు రెండిళ్ల ఇవతల, తోరణం కట్టి ఉన్న ఇల్లు మాదే. నడుస్తూ నడుస్తూ వేపచెట్టు దాటిపోయి ఖాళీ పొలాలు కనిపిస్తే, మా ఇల్లు మీ వెనకే ఉండిపోయిందని గుర్తు. ఎండ ఉంటుంది, పిల్లలకు టోపీలు పెట్టండి.

మీ కోసం ఎదురుచూస్తూ ఉంటాము."

పద్నాలుగు జిరాక్స్‌లు తీయించి, "ప్రియమైన స్నేహితులకు" అన్నదానిపైన ఒక్కొక్కరి పేరూ చేత్తో రాశాను. ఊళ్లో ఉన్నవారికి చేతికిచ్చాను, మిగిలినవి కవర్లలో పోస్టు చేశాను.

గురువారం తెల్లవారుజాము గురించి ఎక్కువ రాయను. చలి బాగా ఉంది, ఆవు గడప దగ్గర చాలాసేపు మొరాయించింది, పాలు తూర్పు వైపు పొంగాయని అత్తగారు ఎంతో సంతోషించారు. చుట్టాలు చదివింపులు చదివించారు. ఆ పుస్తకాన్ని శనివారం రాత్రే పెట్టెలో పెట్టేశాను. వద్దని రాసి, పక్కన అదే పుస్తకం తెరిచి ఉంచితే, రాసిన మాటకు విలువ ఉండదు కదా.

ఆదివారం పద్నాలుగు కుటుంబాలకు పదకొండు వచ్చాయి. దారి తప్పింది ఒక్కరే, అదీ పొలాలు చూసి తమంతట తామే వెనక్కి తిరిగి వచ్చారు. ఇద్దరు చెప్పినా వినకుండా తెచ్చారు, ఒకరు గోడగడియారం, ఒకరు గాజు గ్లాసుల పెట్టె. గుమ్మంలో వాదన పెట్టుకుంటే తెచ్చినవారు చిన్నబోతారు, చూసి తేనివారు ఇంకా చిన్నబోతారు. మారుమాట లేకుండా తీసుకుని, విప్పకుండా లోపలి గదిలో పెట్టాను.

హాస్టల్ గదిలో నాతో ఉన్న ఆ స్నేహితురాలు పదింటికి ఇంకా పావుగంట ఉందనగా వచ్చింది. ట్యాంకు దగ్గర మలుపు తిరుగుతున్నప్పుడే నేను మేడ మీది నుంచి చూశాను. పిల్లలిద్దరూ ముందు పరుగెత్తుతున్నారు, వెనకాల భర్త, ఆయన పక్కన ఆమె. నేను మెట్లు దిగి గేటు దగ్గరకు వెళ్లేసరికి ఆమె నన్ను చూసి, రోడ్డు మీదే ఆగి, ఖాళీగా ఉన్న రెండు చేతులనూ చిన్నపిల్లలా ముందుకూ వెనక్కూ ఊపుతూ నడిచి వచ్చింది. "నువ్వు రాసినట్టే వచ్చానే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో మొహమాటం లేదు. లోపలికి వస్తూనే కొంగు బిగించుకుని, "వ్రతానికి పీట కింద ముగ్గు ఎవరు వేస్తున్నారు?" అని అడిగింది. ఇంకా ఎవరూ వేయలేదన్నాను. అత్తగారి చేతిలోని ముగ్గు గిన్నె అందుకుని, కొత్త గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుని, హాస్టల్లో ప్రతి పండుగకూ మా గది ముందు వేసిన ఆ ఎనిమిది రేకుల పద్మాన్ని చుక్క పెట్టకుండా, ఒక్కసారి కూడా చెరపకుండా వేసింది. నేను పక్కన కూర్చుని పసుపూ కుంకుమా అందించాను.